కొత్త డొమైన్ నుంచి మెయిళ్లు – 3వ పాఠం: రోజుకు ఎన్ని, 421 వస్తే ఏం చేయాలి

పోయిన పాఠంలో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు పెట్టుకున్నాం. మీరెవరో జీమెయిల్‌కు రుజువైంది, అంతే. మీరు పంపేది జనానికి కావాలో వద్దో దానికింకా తెలియదు. అది తెలిసేదాకా తక్కువ పంపాలి.

ఒక లెక్క తీసుకుందాం. కర్నూలులో సోనా మసూరి బియ్యం ఆన్‌లైన్లో అమ్మే అంగడి ఉందనుకోండి. కొనేవాళ్లు ఎక్కువగా హైదరాబాదు, బెంగళూరు వాళ్లు. జాబితాలో 6,500 మెయిల్ చిరునామాలున్నాయి, వాటిలో 5,200 జీమెయిల్‌వే. మొత్తం 6,500 చూసి రోజువారీ లెక్క వేయడం చాలామంది చేసే పొరపాటు. జీమెయిల్ తనకొచ్చిన మెయిళ్లనే చూస్తుంది కాబట్టి 5,200కే విడిగా లెక్క వేయాలి.

ఆ 5,200ను చివరిసారి కొన్న తేదీని బట్టి విడగొట్టండి. నెలలోపు కొన్నవాళ్లు 600, మూడు నెలల్లోపు 1,500, ఏడాదిలోపు 2,100, అంతకంటే పాతవాళ్లు 1,000. మొదటి వారం పూర్తిగా ఆ 600 మందికే. సోమవారం 50, తర్వాత వరుసగా 70, 100, 150, 220. రోజూ కొత్తవాళ్లకే వెళ్తుంది కాబట్టి ఎవరికీ రెండుసార్లు పోదు. బియ్యం నిన్నమొన్న అందుకున్నవాడు మెయిల్ తెరుస్తాడు, స్పామ్ అని నొక్కడు. మొదట్లో పడే పేరు వీళ్లవల్లే పడుతుంది. రెండో వారం మూడు నెలల వాళ్లలోకి దిగి సోమవారం 250, మంగళవారం 320, బుధవారం 400. ముందురోజుకు ఒకటిన్నర రెట్లు దాటకపోతే చాలు, ఇవే అంకెలుండాలనేం లేదు.

రోజుకు ఎన్ని అన్నదే కాదు, ఎంతసేపట్లో అన్నదీ చూడాలి. 220 మెయిళ్లు ఒక్క నిమిషంలో పోవడం, నాలుగు గంటల్లో పోవడం ఒకటి కాదు. సొంత సర్వర్లో పోస్ట్‌ఫిక్స్ వాడేవాళ్లకు ఇది చాలు:

```
sudo postconf -e 'smtp_destination_rate_delay = 60s'
sudo postfix reload
```

అప్పుడు మెయిల్ అందుకునే ఒక్కో డొమైన్‌కు నిమిషానికో మెయిల్ పోతుంది. 400కు చేరేసరికి దీన్ని 30 సెకన్లకు తగ్గించండి, మూడున్నర గంటల్లో అయిపోతుంది. ఆర్డర్ రసీదులు కూడా ఇదే సర్వర్ నుంచి పోతుంటే అవీ ఈ వరుసలోనే నిలబడతాయి. వాటికి వేరే దారి చూసుకోవడమే మంచిది.

ఇప్పుడు బుధవారం అంగట్లో ఎవరో ఆ సెట్టింగ్ తీసేసి 400 ఒకేసారి వదిలారనుకోండి. 260 పోయాక లాగ్‌లో 421-4.7.28 మొదలవుతుంది. మీ నుంచి అడగని మెయిళ్లు అసాధారణ వేగంతో వస్తున్నాయి, కాసేపు ఆపుతున్నాం అని జీమెయిల్ దాని ద్వారా చెబుతోంది. 4తో మొదలయ్యే కోడ్ తాత్కాలికం, మెయిల్ ఇంకా చేరలేదు, క్యూలో ఉంది. 550 5.1.1 అయితే ఆ చిరునామాయే లేదు, జాబితాలోంచి అప్పుడే కొట్టేయాలి.

```
grep -c '421-4.7.28' /var/log/mail.log
mailq | tail -1
```

మొదటి కమాండ్ 600 చూపిస్తే కంగారు పడకండి. మిగిలిన 140 మెయిళ్లే మళ్లీ మళ్లీ తలుపు తట్టినప్పుడల్లా ఒక్కో వరుస పడుతుంది. ఎన్ని ఆగాయో తెలిసేది రెండో కమాండ్‌తో. ఆ 140ని ముట్టుకోకండి, పోస్ట్‌ఫిక్స్ మామూలుగా ఐదు రోజులదాకా తనంతట తానే ప్రయత్నిస్తుంది. క్యూను బలవంతంగా తోసేకొద్దీ ఆపడం ఎక్కువవుతుంది.

గురువారం కొత్తవేమీ పంపకండి. క్యూ ఖాళీ అయితే శుక్రవారం 160 పంపండి. చివరిగా ఇబ్బంది లేకుండా పోయిన 320లో అది సగం. మళ్లీ ఆ నెలలోపు కొన్నవాళ్లకే, నిమిషానికొకటి చొప్పున. మూడు రోజులు 160 దగ్గరే ఉండి తర్వాత పెంచండి. ఇంత నెమ్మదిగా పంపినా 421 వస్తే తప్పు వేగానిది కాదు, జాబితాదో మెయిల్‌దో.

అది పట్టుకోవడానికి గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో స్పామ్ శాతం చూస్తారు. 0.10 లోపు ఉంచాలని, 0.30కి ఎప్పుడూ చేరకూడదని గూగుల్ నియమం. ఒక మెలిక ఉంది. ఆ శాతం ఇన్‌బాక్స్‌లో పడినవాటి మీదే లెక్కిస్తారు. మెయిళ్లన్నీ నేరుగా స్పామ్‌లో పడితే ఫిర్యాదు చేసేవాడే ఉండడు, సున్నా కనిపిస్తుంది. రోజుకు 50, 100 పంపేటప్పుడు అసలు అంకెలే రాకపోవచ్చు. అందుకే లింకు నొక్కినవాళ్లను లెక్కపెట్టండి. నూటికి ఎనిమిది మంది నొక్కుతున్నది ఒక్కరోజులో ఒకరికి పడిపోతే, పోస్ట్‌మాస్టర్ ఏం చూపించినా పెంచడం ఆపండి.

ఏడాది దాటిన ఆ 1,000 మంది జోలికి ఇప్పుడు వెళ్లొద్దు. మూతపడిన చిరునామాలు, మిమ్మల్ని మరిచిపోయినవాళ్లు ఎక్కువగా అక్కడే ఉంటారు. వాళ్ల సంగతి, ఒక్క నొక్కుతో జాబితాలోంచి తప్పుకునే ఏర్పాటు 4వ పాఠంలో.