‘నాకెవరూ చెప్పలేదు’: మినిట్స్ మెయిల్‌లో లోపం ఎక్కడ, దిద్దడం ఎలా

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు ఏప్రిల్ నెలాఖరు సమావేశాల కాలం. తోతాపురి కాయ గేటు దగ్గరికి రావడానికి ఇంకా నెల రోజులుంటుంది. ఆలోగా బాయిలరు, కాటా, డ్రమ్ములు, బ్యాగులు అన్నీ సిద్ధం కావాలి. అలాంటి ఒక ఫ్యాక్టరీలో సమావేశ నిర్ణయాలను మినిట్స్‌గా రాసి అందరికీ మెయిల్ చేసే పని చాలా ఏళ్లుగా నాది. ఒక సీజన్లో నేను రాసిన ఒకే ఒక్క వాక్యం రెండు రోజుల పనిని ఆపేసింది. ఆ వాక్యం ఇది:

“అసెప్టిక్ బ్యాగులను మే నెలాఖరులోపు సిద్ధం చేయాలని నిర్ణయించడమైనది.”

గుజ్జును ముందుగానే సూక్ష్మజీవులు లేకుండా చేసిన ఈ బ్యాగుల్లో నింపి, డ్రమ్ముల్లో పెడతారు. వీటి బదులు మరో సంచి పనికిరాదు. జూన్ 3న కాయ ట్రాక్టర్లు గేటు ముందు బారులు తీరాయి. బ్యాగులు ఇంకా లారీలో ఉన్నాయి, 5వ తేదీకి గానీ చేరలేదు. ఆ సాయంత్రం జరిగిన పంచాయితీలో కొనుగోళ్ల అధికారి, స్టోర్స్ ఇన్‌చార్జి, ప్రొడక్షన్ మేనేజరు ముగ్గురూ తమదే న్యాయమంటూ సాక్ష్యంగా చూపించింది నా మెయిల్‌నే. విచిత్రం ఏమిటంటే, ముగ్గురూ చెప్పింది నిజమే.

లక్షణం 1: పని మినిట్స్‌లో ఉంది, చేసినవారు లేరు

కారణం కర్త లేని వాక్యం. ‘నిర్ణయించడమైనది’, ‘చర్యలు తీసుకోవాలి’ అన్న ఆఫీసు తెలుగులో ఎవరు చేస్తారన్నది చెప్పకుండానే వాక్యం పూర్తయిపోతుంది. వినడానికి గంభీరంగా ఉంటుంది, పట్టుకుందామంటే మనిషి దొరకడు. మా విషయంలో పాత బ్యాగులు ఎన్ని మిగిలాయో స్టోర్స్ వారు చెబుతారని కొనుగోళ్ల అధికారి ఎదురుచూశారు. అడిగితే చెబుదామని స్టోర్స్ ఇన్‌చార్జి కూర్చున్నారు. ఆ ఎదురుచూపుల్లోనే పది రోజులు పోయాయి.

పరిష్కారం: ప్రతి వాక్యాన్నీ మనిషి పేరుతో మొదలుపెట్టండి. పేరే రాయాలి, విభాగం కాదు; ‘స్టోర్స్’ ఎవరికీ ఫోను ఎత్తదు. ఒక పనికి ఒకే పేరు. ఇద్దరు కలిసి చేసే పని అయితే సాధారణంగా అందులో రెండు పనులు దాగి ఉంటాయి, వాటిని విడదీయండి. బ్యాగుల లెక్క ఒక పని, ఆర్డరు మరో పని. ‘మనం చూసుకుందాం’ అని ఎవరైనా అన్నప్పుడు, ‘మనలో ఎవరు సార్?’ అని అక్కడికక్కడే అడగాలి. కాస్త మొహమాటంగానే ఉంటుంది. కానీ సమావేశం అయ్యాక రాసేవారే ఊహించి ఒక పేరు పెడితే, ‘నన్నడగకుండా ఎలా రాశారు?’ అన్న కొత్త గొడవ మొదలవుతుంది.

లక్షణం 2: గడువు ఉంది, దాని అర్థం మనిషికొకటి

దీని మీదే నేను ఎక్కువగా దెబ్బతిన్నాను. ‘నెలాఖరులోపు సిద్ధం’ అంటే మే 31 శుక్రవారం లోగా ఆర్డరు పంపడమని కొనుగోళ్ల వారి లెక్క. ఆ రోజుకు సరుకు గోడౌన్లో ఉండాలని స్టోర్స్ లెక్క. ఒక బ్యాగు మూతి గుజ్జు నింపే యంత్రమైన మా ఫిల్లరుకు సరిపోతుందో లేదో నింపి చూడటం కూడా అయిపోవాలని ప్రొడక్షన్ లెక్క. ‘సిద్ధం’ అన్న ఒక్క మాటలో మూడు వేర్వేరు రోజులు ఇమిడిపోయాయి.

పైగా ‘సోమవారం లోపు’ అంటే సోమవారం కలుస్తుందా, ఆదివారంతోనే ఆగుతుందా? పదిమందిని అడిగి చూడండి, ఒకే సమాధానం రాదు. ‘వచ్చే వారం’, ‘రెండు మూడు రోజుల్లో’ అన్నవి కూడా ఇదే జాతి.

పరిష్కారం: తేదీ, వారం, వేళ మూడూ రాయండి. తేదీ పొరపాటున తప్పు పడితే వారం పట్టిస్తుంది. దాంతోపాటు పని అయిందని ఏది చూసి ఒప్పుకుంటామో కూడా రాయాలి. ఆ సంవత్సరం రాయాల్సింది ఇలా అని తర్వాతి సీజన్‌కు గానీ నాకు తెలిసిరాలేదు. ఇక్కడ హోదాలు పెడుతున్నాను, మెయిల్‌లో వాటి స్థానంలో పేర్లుంటాయి:

> 1. స్టోర్స్ ఇన్‌చార్జి: మిగిలిన బ్యాగులు లెక్కపెట్టి, ఆ సంఖ్యను ఈ మెయిల్‌కే జవాబుగా పంపుతారు. మే 2, గురువారం, సాయంత్రం 5.
>
> 2. కొనుగోళ్ల అధికారి: కావలసిన మిగతా బ్యాగులకు ఆర్డరు ఇచ్చి, దాని కాపీ పంపుతారు. మే 6, సోమవారం, సాయంత్రం 5. సరుకు గోడౌన్‌కు చేరాల్సిన రోజు: మే 24, శుక్రవారం.
>
> 3. ప్రొడక్షన్ మేనేజరు: వచ్చిన వాటిలో ఒక బ్యాగును ఫిల్లరు మీద నింపి చూసి, ఫలితం రాస్తారు. మే 27, సోమవారం, మధ్యాహ్నం 12. స్టోర్స్ నుంచి సరుకు చేరినట్టు మెయిల్ వచ్చాకే ఈ పని మొదలవుతుంది.

మూడో పని చివరి వాక్యాన్ని గమనించండి. లారీ ఆలస్యమైతే ఆ తప్పు ప్రొడక్షన్ మేనేజరు మెడకు చుట్టుకోదు. గడువు వేరొకరి పని మీద ఆధారపడితే ఆ ముడిని కూడా రాసేయాలి.

లక్షణం 3: మూడు వారాల తర్వాత ‘నేను అలా అనలేదు’

మెయిల్ నాలుగు రోజులు ఆలస్యంగా వెళితే ఇది దాదాపు ఖాయం. అప్పటికి ఎవరి జ్ఞాపకం వారికి స్థిరపడి ఉంటుంది. సమావేశం చివరి ఐదు నిమిషాల్లో పేర్లు, తేదీలు మాత్రం పైకి చదవండి. మెయిల్ అదే రోజు పంపండి. అటాచ్‌మెంట్‌లో కాకుండా మెయిల్‌లోనే రాయండి. షెడ్డులో నిలబడి ఫోనులో చూసేవారు ఫైలు తెరవరు. చివర ఒక వాక్యం: ‘తప్పులుంటే మే 1, బుధవారం సాయంత్రం 5 లోగా అందరికీ జవాబివ్వండి.’ ఎవరైనా దిద్దితే పాత మాట, కొత్త మాట రెండూ కనిపించేలా మళ్లీ పంపాలి. గుట్టుగా మార్చిన మినిట్స్‌ను తర్వాత ఎవరూ నమ్మరు.

అయితే దానికి జతగా ‘జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే’ అని రాస్తే, ఆ వాక్యానికి ఒక హద్దుంది. కంపెనీల బోర్డు సమావేశాలకు దానికో నియమమే ఉంది: ముసాయిదా 15 రోజుల్లో డైరెక్టర్లకు వెళ్లాలి, వారికి 7 రోజుల వ్యవధి ఉంటుంది, ఏమీ చెప్పని డైరెక్టరు ఆమోదించినట్టే లెక్క. మన మామూలు సమావేశాలకు అలాంటి రక్ష లేదు. ఆఫీసులోని వారి మధ్య ముందే అనుకున్న పద్ధతిగా అది నడుస్తుంది. బ్యాగులు పంపే సరఫరాదారుకు అదే వాక్యం రాసి, ఆయన మౌనాన్ని ఒప్పందమని వాదిస్తే నిలబడటం కష్టం. అందువల్ల బయటివారి నుంచి, సమావేశానికి రాకుండానే పని మీద పడినవారి నుంచి ‘సరే, తేదీ నాకు సమ్మతమే’ అన్న జవాబు రప్పించుకోవాల్సిందే. అది వచ్చేవరకు ఆ పని పక్కన ‘ఇంకా ఒప్పుకోలేదు’ అని రాసి ఉంచుతాను. చూడటానికి బాగుండదు, అందుకే జవాబు త్వరగా వస్తుంది.

లక్షణం 4: గడువు ఫోనులో మారింది, మెయిల్‌లో మారలేదు

‘అన్నా, ఇంకో మూడు రోజులు ఇవ్వు’ అని ఒకరు అడగడం, మరొకరు సరేననడం రోజూ జరిగేదే. తప్పేమీ లేదు. ఫోను పెట్టేసిన వెంటనే, అడిగిన వ్యక్తే పాత మెయిల్‌కు జవాబుగా ఒక వాక్యం రాయాలి: ‘2వ పని: మే 6 బదులు మే 9, గురువారం, సాయంత్రం 5, సరుకు చేరే రోజు మారదు.’ ఆ చివరి ముక్క రాయకపోతే, ఆర్డరుకు ఇచ్చిన మూడు రోజులూ లారీకి కూడా ఇచ్చినట్టేనని సీజన్ మధ్యలో ఎవరో ఒకరు లెక్క తీస్తారు.