ఆఫర్ వద్దంటూనే మళ్ళీ పిలిచేలా ఉత్తరం రాయడం ఎలా?

ఆఫర్ లెటర్ వచ్చాక మనసు మారితే చాలామంది హెచ్‌ఆర్ ఫోన్ ఎత్తడం మానేస్తారు. విశాఖలో ఇది అసలు పనికిరాదు. పరవాడ ఫార్మా సిటీలోనైనా, రుషికొండ ఐటీ ఆఫీసుల్లోనైనా ఇవాళ ఈ కంపెనీలో ఉన్న హెచ్‌ఆర్ రేపు పక్క కంపెనీలో మీ రెజ్యూమె చూస్తారు.

ముందు ఫోన్ చేసి చెప్పండి. తర్వాత ఆఫర్ వచ్చిన మెయిల్‌కే రిప్లై ఇచ్చి, ఇంటర్వ్యూ చేసిన మేనేజరును సీసీలో పెట్టండి. వాట్సాప్ మెసేజ్ సరిపోదు. గడువు చివరిరోజు దాకా ఆగకండి, రెండో అభ్యర్థిని పిలుచుకోవడానికి వాళ్ళకు టైమ్ కావాలి. ఆఫర్ మీద ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే అందులోని షరతులు చదివాకే రాయండి.

మొదటి వాక్యంలో కృతజ్ఞత, రెండో వాక్యంలోనే ‘చేరలేకపోతున్నాను’ అన్న మాట. ‘చేరలేనేమో’ అని నసగొద్దు.

అందరూ పాడుచేసేది కారణం దగ్గర. మధురవాడలో ఉండే ఒకమ్మాయికి పరవాడలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. వద్దనుకుని, రాసిన ఉత్తరం నాకు చూపించింది. జీతం తక్కువ, దూరం ఎక్కువ, పాప చిన్నది కాబట్టి రాత్రి షిఫ్టు కుదరదు, ఇంకోచోట మంచి ఆఫర్ ఉంది అని నాలుగూ రాసేసింది. అన్నీ నిజమే. కానీ జీతం మాట కనబడగానే హెచ్‌ఆర్ దాన్ని బేరం అనుకుంటారు. కాస్త పెంచి మళ్ళీ అడుగుతారు, అప్పుడూ కాదంటే నిజంగా నొచ్చుకుంటారు. ఇక దూరం అంటారా, మధురవాడ నుంచి పరవాడ ఎప్పటికీ అంతే దూరం. ఆ కారణం రాస్తే ఇంకోసారి ఖాళీ వచ్చినా ‘ఆవిడ రాదులే’ అనుకుని వదిలేస్తారు.

అందుకే ఉన్న నిజాల్లో రేపు మారగలిగేది ఒక్కటే ఎంచుకోండి. ఆ అమ్మాయి విషయంలో అది రాత్రి షిఫ్టు. చివరికి ఇలా రాయించాను:

“నన్ను ఎంపిక చేసినందుకు ధన్యవాదాలు. మా పాప చిన్నది కావడంతో ప్రస్తుతం రాత్రి షిఫ్టు చేయలేను, అందువల్ల ఈ ఉద్యోగంలో చేరలేకపోతున్నాను. ల్యాబులో హెచ్‌పీఎల్‌సీ పని గురించి మేనేజరు గారు ఓపికగా వివరించడం నాకు బాగా నచ్చింది. జనరల్ షిఫ్టులో ఖాళీ వస్తే తెలియజేయగలరు, తప్పకుండా దరఖాస్తు చేస్తాను.”

ఆ చివరి వాక్యం చూడండి. ‘భవిష్యత్తులో అవకాశం ఇస్తారని ఆశిస్తున్నాను’ అని అందరూ రాస్తారు, దాన్నిబట్టి మిమ్మల్ని ఎప్పుడు పిలవాలో ఎవరికీ తెలియదు. ‘జనరల్ షిఫ్టు’ అంటే తెలుస్తుంది. ‘ఆర్నెల్లలో వస్తాను’ లాంటి మాట మాత్రం ఇవ్వకండి. చేరబోయే కంపెనీ పేరూ రాయకండి, అడిగినా చెప్పనక్కర్లేదు.

పేరు కింద మీ సొంత ఫోన్ నంబరు, సొంత మెయిల్ ఐడీ ఉండాలి. ఇప్పుడున్న ఆఫీసు ఐడీ ఇస్తే, ఆ ఉద్యోగం మానేశాక వాళ్ళు రాసింది మీకు చేరదు.