కాస్టింగ్ మనమే నేర్చుకుందాం – 7వ పాఠం: అమ్మకం పెరిగినా లాభం ఎందుకు తగ్గింది?

గత పాఠం దాకా మనం చూసిన వేరియన్స్‌లు, అంటే బడ్జెట్‌కూ అసలుకూ మధ్య తేడాలు, అన్నీ ఖర్చు వైపువి. ఈసారి అమ్మకం వైపు వద్దాం. సూత్రాలు తర్వాత చూద్దాం, ముందు ఒక దుకాణం లెక్క చేతిలోకి తీసుకోండి.

కర్నూలులో ఒక బియ్యం హోల్‌సేల్ దుకాణం ఉందనుకుందాం. కేసీ కాలువ కింద పండిన సోనా మసూరి 25 కిలోల బస్తాల్లో అమ్ముతారు. రకాలు రెండే: పాత బియ్యం, కొత్త బియ్యం. అన్నం పొడిపొడిగా వస్తుందని పాత బియ్యానికి ధర ఎక్కువ, దుకాణానికి మిగిలేదీ ఎక్కువే. కింద వాడే అంకెలు పాఠం కోసం వేసుకున్నవి, మార్కెట్ ధరలు కావు.

నెల మొదట్లో వేసుకున్న బడ్జెట్ ఇది. పాత బియ్యం 600 బస్తాలు, ధర 1,600, ప్రామాణిక ఖర్చు 1,350, బస్తాకు మార్జిన్ 250. కొత్త బియ్యం 400 బస్తాలు, ధర 1,300, ఖర్చు 1,200, మార్జిన్ 100. మొత్తం మార్జిన్ 1,50,000 + 40,000 = 1,90,000 రూపాయలు. అద్దె, జీతాలు అనుకున్నట్టే ఉన్నాయి కాబట్టి వాటిని పక్కన పెడదాం. మార్జిన్‌లో వచ్చిన తేడాయే లాభంలో తేడా అవుతుంది.

నెలాఖరుకు జరిగింది వేరు. పాత బియ్యం 1,620 చొప్పున 480 బస్తాలు పోయాయి. కొత్త బియ్యం 1,290 చొప్పున 620 బస్తాలు పోయాయి. అంటే 1,000 అనుకుంటే 1,100 బస్తాలు అమ్మారు. అమ్మకం 14,80,000 నుంచి 15,77,400కు పెరిగింది. బస్తా ఖర్చు మారకపోయినా మార్జిన్ మాత్రం 1,85,400 దగ్గర ఆగింది. అమ్మకం సుమారు లక్ష పెరిగి, లాభం 4,600 తగ్గింది. యజమానికి టెన్షన్ రావడం సహజమే. ఈ 4,600 ఎక్కడ పోయిందో ముక్కలు చేసి చూడడమే ఈ పాఠం.

మొదట ధర వేరియన్స్. అసలు ధరలోంచి బడ్జెట్ ధర తీసేసి, నిజంగా అమ్మిన బస్తాలతో గుణించాలి. పాత బియ్యంలో 20 × 480 = 9,600 అనుకూలం. కొత్త బియ్యంలో 10 × 620 = 6,200 ప్రతికూలం. నికరంగా 3,400 అనుకూలం. ఇక్కడ ధర అంటే డిస్కౌంట్ పోగా చేతికొచ్చిన ధర. చాలా దుకాణాల్లో బిల్లు పూర్తి ధరకు కొట్టి, డిస్కౌంట్‌ను విడిగా ఖర్చు పద్దులో రాస్తారు. అలా రాస్తే ధర వేరియన్స్ సున్నా చూపిస్తుంది, తగ్గిన డబ్బేమో ఖర్చుల్లో దాక్కుంటుంది.

తర్వాత పరిమాణ వేరియన్స్. అమ్మిన బస్తాలకూ బడ్జెట్ బస్తాలకూ ఉన్న తేడాను ప్రామాణిక మార్జిన్‌తో గుణించాలి. పాత బియ్యం 120 తగ్గింది కాబట్టి 120 × 250 = 30,000 ప్రతికూలం. కొత్త బియ్యం 220 పెరిగింది కాబట్టి 220 × 100 = 22,000 అనుకూలం. నికరంగా 8,000 ప్రతికూలం. ధరలో వచ్చిన 3,400 కలిపితే సరిగ్గా 4,600 లోటు తేలింది. అభ్యాసకులు ఎక్కువగా తడబడేది ఇక్కడే: ప్రామాణిక మార్జిన్ బదులు ఆ నెల అసలు మార్జిన్‌తో గుణిస్తారు. అలా చేస్తే ధరల్లో మార్పు రెండుసార్లు లెక్కకొస్తుంది. మిల్లు నుంచి సరుకు ఎక్కువ ధరకు కొన్న నెలలో అయితే, కొనుగోలు తప్పు అమ్మేవాళ్ల మెడకు చుట్టుకుంటుంది.

కానీ బస్తాలు వంద పెరిగితే పరిమాణ వేరియన్స్ ప్రతికూలం కావడమేంటి? దానికి జవాబు మిక్స్‌లో ఉంది. బడ్జెట్‌లో పాత, కొత్త బియ్యం 60:40 నిష్పత్తి. అమ్మిన 1,100 బస్తాలు అదే నిష్పత్తిలో పోయి ఉంటే పాతవి 660, కొత్తవి 440 అయ్యేవి. నిజంగా పోయినవి 480, 620. పాత బియ్యంలో 180 × 250 = 45,000 ప్రతికూలం, కొత్త బియ్యంలో 180 × 100 = 18,000 అనుకూలం. మిక్స్ వేరియన్స్ 27,000 ప్రతికూలం. ఇక మొత్తం బస్తాలు పెరిగినందుకు వచ్చింది విడిగా చూడాలి. బడ్జెట్ సగటు మార్జిన్ బస్తాకు 190, పెరిగినవి 100 బస్తాలు, కాబట్టి 19,000 అనుకూలం. ఈ రెండూ కలిస్తే పైన చూసిన 8,000 ప్రతికూలమే వస్తుంది. రాకపోతే లెక్కలో ఎక్కడో తప్పుందని అర్థం.

ఇప్పుడు ఈ 27,000 అంకెను ఎంత నమ్మాలి? నా అభిప్రాయంలో ఈ పాఠంలో అసలు విషయం ఇదే. అదనంగా వచ్చిన వంద బస్తాల్లో కూడా అరవై పాత బియ్యమే అయి ఉండాలని సూత్రం అనుకుంటుంది. అందుకే మిక్స్ నష్టం అంత పెద్దదిగా కనిపిస్తుంది. ఇంకో రకంగా చూడండి. పాత బియ్యం బడ్జెట్ కంటే తగ్గింది 120 బస్తాలే. ఆ 120 బస్తాలు కొనేవాళ్లు కొత్త బియ్యానికి మారారనుకుంటే, బస్తాకు 150 చొప్పున పోయింది 18,000. మిగిలిన వంద కొత్త బస్తాలు కొత్తగా వచ్చిన గిరాకీ, వాటివల్ల 10,000 వచ్చింది. ఇక్కడా నికరం 8,000 ప్రతికూలమే, కానీ కథ వేరు. మొదటి లెక్క చూసి కొత్త బియ్యం అమ్మకం తగ్గించమంటే, ఆ పదివేలు కూడా పోతాయి.

ఏ కథ నిజమో వేరియన్స్ చెప్పదు, బిల్లులు చెబుతాయి. పాత బియ్యం ఇరవై పెంచిన తేదీకి ముందు, తర్వాత వారాల బిల్లులు పక్కపక్కన పెట్టి చూడండి. ఎప్పుడూ పాత బియ్యం కొనే హోటళ్లు, మెస్‌లు ఆ తేదీ తర్వాత కొత్త బియ్యానికి మారి ఉంటే, ధరలో అనుకూలంగా కనిపించిన 3,400 కోసమే మిక్స్‌లో అంత పోగొట్టుకున్నట్టు. అప్పుడు ధర వేరియన్స్‌ను విడిగా మెచ్చుకోకూడదు. మారినవాళ్లు లేకుండా కొత్త ఖాతాలే వచ్చి ఉంటే, పాత బియ్యం ఎందుకు తగ్గిందో వేరే చోట వెతకాలి. మంచి పాత సరుకు గోదాములో అయిపోయిందేమో కూడా చూడాలి.

ఇంకో హద్దు ఉంది. ఒకదాని బదులు ఇంకొకటి కొనే సరుకుల మధ్యే మిక్స్‌కు అర్థం ఉంటుంది, కొలత కూడా ఒకటే ఉండాలి. ఇదే దుకాణం కిలోల్లో నూకలు, లీటర్లలో నూనె అమ్మితే, వాటన్నిటినీ కలిపి మొత్తం పరిమాణం తీయడం కుదరదు.

అభ్యాసం: ఒక కడప బండల డిపోలో పాలిష్ బండకు చదరపు అడుగుకు మార్జిన్ 12, ముడి బండకు 5. బడ్జెట్ వరసగా 3,000, 2,000 చదరపు అడుగులు. అమ్మినవి 2,400, 3,100. ధరలు మారలేదు. ముందు మిక్స్, మొత్తం పరిమాణం వేరియన్స్‌లు కట్టండి. రెండూ కలిపి 1,700 ప్రతికూలం రావాలి. ఇప్పుడు ముడి బండలో 800 అడుగులు ఒకే కాంట్రాక్టరు ఒక్కసారి తీసుకున్నవని తెలిసింది. ఆ ఆర్డరు తీసేసి మళ్లీ కట్టండి. మిక్స్ వేరియన్స్ ఎంత మెరుగుపడింది, డిపో లాభం ఎంత తగ్గింది? రెండు జవాబులూ రాసి ఉంచుకోండి, 8వ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.