తిరస్కరణ లేఖ వచ్చిందా? ముందు వాళ్లు ఏం చదివారో చూడండి

రచయిత తరఫున పబ్లిషర్లతో మాట్లాడే ఏజెంట్ నుంచో, నేరుగా పబ్లిషర్ నుంచో "మాకు సరిపడదు" అని మెయిల్ రాగానే చాలామంది నవల మొత్తం తిరగరాయడానికి కూర్చుంటారు. అంతకంటే ముందు ఒక్క సంగతి చూడమని ఎంతమందికి చెప్పినా దాటేస్తారు. వాళ్లు అసలు ఏం చదివి వద్దన్నారు? పుస్తకాన్ని పరిచయం చేస్తూ మీరు రాసిన క్వెరీ లెటర్ ఒక్కటేనా, దాంతో పాటు పంపిన శాంపిల్ పేజీలా, అడిగి తెప్పించుకున్న పూర్తి రాతప్రతా? పది పేజీలు చదివి ఆపేసిన మనిషి కోసం ఇరవయ్యో అధ్యాయం బాగుచేసి లాభం లేదు.

సమస్య: ఎవరూ పూర్తి రాతప్రతి అడగడం లేదు

పది మందికి పంపినా అన్నీ మూస జవాబులే, లేదా జవాబే లేదు. ముందు మామూలు విషయాలు చూసుకోండి: ఆ ఏజెంట్ మీ తరహా పుస్తకాలు తీసుకుంటున్నారా, నిడివి హద్దులో ఉందా. ఇంగ్లీషు మార్కెట్‌లో పెద్దల కోసం రాసిన తొలి నవల సుమారు 80,000 నుంచి 1,00,000 పదాలుంటే ఇబ్బంది లేదు, 1,80,000 అని కనబడితే కథ దాకా వెళ్లకుండానే పక్కన పెట్టేవాళ్లు ఎక్కువ. ఇవన్నీ సరిగ్గా ఉంటే క్వెరీ లెటర్ తిరగరాసి, ఈసారి ఐదారుగురికే పంపి చూడండి. ఒకేసారి అందరికీ పంపేస్తే మార్చిన లెటర్ పంపడానికి ఎవరూ మిగలరు.

సమస్య: "రాత బాగుంది, కానీ కథతో కనెక్ట్ కాలేకపోయాను"

అందరినీ తప్పుదారి పట్టించేది ఇదే. ఈ మాట చూడగానే లోపం వాక్యాల్లో ఉందనుకుని నెలల తరబడి వాక్యాలు చెక్కుతారు. నేను చూసిన రాతప్రతుల్లో మాత్రం ఎక్కువసార్లు లోపం వేరే చోట ఉంది: క్వెరీ లెటర్ మాటిచ్చిన కథ శాంపిల్ పేజీల్లో మొదలే కాలేదు.

ఒక రాతప్రతి సంగతి చెప్తాను. ఏళ్ల క్రితం తప్పిపోయిన అక్క దగ్గర్నుంచి ఉత్తరం వస్తుంది, చెల్లెలు వెతుక్కుంటూ బయల్దేరుతుంది. లెటర్‌లో ఇదంతా చక్కగా ఉంది. శాంపిల్‌గా వెళ్లింది మొదటి పది పేజీలు. ఉత్తరం వచ్చేది ముప్పై ఎనిమిదో పేజీలో! అప్పటిదాకా ఇంటి వర్ణన, నాయనమ్మ జ్ఞాపకాలు, చెల్లెలి ఆఫీసు. ఉత్తరం కోసం ఎదురుచూస్తూ చదివిన మనిషికి అది దొరకలేదు, అందుకే కనెక్ట్ కాలేదన్నారు. వాక్యాలు ముట్టుకోనక్కర్లేకపోయింది. ఉత్తరాన్ని ఆరో పేజీకి తెచ్చి, నాయనమ్మ జ్ఞాపకాల్ని చెల్లెలు ఆ చేతిరాత గుర్తుపట్టే చోటికి జరిపితే సరిపోయింది.

మీదీ అదే లోపమో కాదో తేల్చుకోవడం తేలిక. లెటర్‌లో కథని కదిలించే సంఘటన కింద గీత గీయండి, అది రాతప్రతిలో ఏ పేజీలో ఉందో చూడండి. శాంపిల్ దాటి ఉంటే కారణం దాదాపు దొరికినట్టే. అనుమానం తీరకపోతే లెటర్ చూడని ఒకరికి ఆ పది పేజీలే ఇచ్చి, ఈ పుస్తకం దేని గురించి అనుకుంటున్నారని అడగండి. వాళ్లు చెప్పేదీ మీ లెటరూ రెండు వేర్వేరు పుస్తకాల్లా ఉంటే, మార్చాల్సింది మొదటి అధ్యాయం.

సమస్య: పూర్తిగా చదివి, వివరంగా విమర్శ రాశారు

ఇద్దరు ముగ్గురు ఒకే చోటు చూపిస్తే, వాళ్లు చెప్పే మందులు వేర్వేరైనా, జబ్బు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. "ముగింపు తేలిపోయింది" అన్నప్పుడు దాని మూలం మధ్యలో ఎక్కడో ఉండొచ్చు, వెనక్కి వెతకండి. "సవరించి మళ్లీ పంపండి" అని స్పష్టంగా రాస్తేనే మళ్లీ పంపాలి. అదీ ఒప్పందం కాదు, ఎంత సవరించినా వద్దనే హక్కు వాళ్లకుంది. కాబట్టి ఆ మార్పు వాళ్లు తీసుకోకపోయినా మీ పుస్తకానికి మేలే అనిపిస్తేనే పూనుకోండి. వారంలో తిప్పి పంపితే పైపైన దిద్దారని ఇట్టే తెలిసిపోతుంది.

ఫాంట్ వల్లో, మీ పేరు వల్లో, ఐడియా కొట్టేద్దామనో తిప్పి పంపారని అనుమానించడం దండగ.

పుస్తకం సొంతంగా వేసుకోవాలా?

పూర్తిగా చదివిన వాళ్లు "నచ్చింది, కానీ దీన్ని ఎలా అమ్మాలో తెలియడం లేదు" అంటుంటే వేసుకోండి, అక్కడ అడ్డు మార్కెట్టే. ఎడిటర్‌కీ కవర్‌కీ మీ డబ్బే పెట్టాలి, ఆ తర్వాత బాగా అమ్ముడుపోతే తప్ప అదే పుస్తకాన్ని ఏజెంట్లు తీసుకోవడం అరుదు. కానీ లెటర్ దగ్గరో శాంపిల్ దగ్గరో ఆగిపోతున్న పుస్తకాన్ని మాత్రం అలాగే వేసేయకండి. ఆన్‌లైన్ షాపులో కొనేవాళ్లు చూసేది పుస్తకం గురించి నాలుగు మాటలు, ఉచితంగా చదవనిచ్చే మొదటి పేజీలు. ఏజెంట్ చదివి ఆగిపోయింది కూడా అక్కడే.