మీ బిల్లుల ఫొటోల్లో అనుమానం మిగిలిన చోట్లు: సమస్య - పరిష్కారం

నమస్కారం అండి. మీరు పంపిన 42 ఫొటోల్లో 39 బిల్లులు లెక్కల్లోకి ఎక్కించేశాను. మూడింట్లో మాత్రం ఒక్కో చోట నాకు అనుమానం ఉంది. ఒరిజినల్ బిల్లులు దగ్గర పెట్టుకుని ఇది చదవండి.

17వ ఫొటో: ఒక వస్తువు ధరలో ఒక అంకె చెరిగిపోయింది

కారణం: మడత సరిగ్గా ఆ అంకె మీదే పడింది. రెండో వస్తువు ధర 230 లాగానూ ఉంది, 280 లాగానూ ఉంది.

పరిష్కారం: కూడి చూశాను. మిగతా రెండు వస్తువులు 450, 640. పన్నుకు ముందు మొత్తం 1,370. అంటే మధ్యది 280 అయితేనే లెక్క కుదురుతుంది. 10 శాతం పన్ను 137 కలిపితే 1,507, బిల్లు కింద ఉన్నదీ అదే. 280 అని రాసేశాను. దీనికి మీరేం చేయక్కర్లేదు.

23వ ఫొటో: తేదీ 03/04

కారణం: అంకెలు స్పష్టంగానే ఉన్నాయి. ఏది రోజు, ఏది నెల అన్నదే తెలియడం లేదు. మార్చి 4 అయితే ఒక నెల లెక్కలోకి, ఏప్రిల్ 3 అయితే ఇంకో నెల లెక్కలోకి వెళ్తుంది. ఇలాంటిది కూడికతో తేలదు.

పరిష్కారం: అదే షాపు బిల్లు మీరు పంపినవాటిలో ఇంకోటి ఉంది: నంబరు 2198, తేదీ 28/03. అక్కడ 28 రోజే అవ్వాలి, ఎందుకంటే 28వ నెల లేదు కదా. ఇప్పుడు అనుమానం ఉన్న బిల్లు నంబరు 2231, అంటే దాని తర్వాతది. కాబట్టి ఏప్రిల్ 3 అని తాత్కాలికంగా పెట్టాను. అయితే ఆ షాపులో రెండు బిల్లు పుస్తకాలు వాడుతుంటే ఈ లెక్క నిలబడదు. మీరు డబ్బు కట్టిన రోజు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చూసి చెప్పండి.

31వ ఫొటో: బిల్లు నంబరులో ఆఖరి అంకె 1 లేదా 7

కారణం: చేతిరాత, పైగా ఫొటో వంగి వచ్చింది.

పరిష్కారం: కాగితం చూడటమే, వేరే దారి లేదు. నంబరు తప్పు పడితే అదే బిల్లు ఇంకోసారి ఫొటోలో వచ్చినా నేను పట్టుకోలేను, ఖర్చు రెండుసార్లు పడుతుంది.

జవాబులో "అవును, కరెక్టే" అని రాయకండి, ప్లీజ్. నా అంకె ముందే చూస్తే కళ్ళకి అదే కనిపిస్తుంది. ఫొటో నంబరు వేసి, పక్కన కాగితం మీద ఉన్నది ఉన్నట్టు మీరే రాయండి. కాగితమూ చదవలేకపోతే "కనబడటం లేదు" అనండి, షాపు వాళ్ళ దగ్గర నకలు అడుగుదాం.

31వది మళ్ళీ ఫొటో తీస్తే, బల్ల మీద పరిచి, సరిగ్గా పైనుంచి, నాలుగు మూలలూ పడేలా తీయండి. ఫ్లాష్ వద్దు, మెరుపులో అంకెలు మాయమవుతాయి. మెసేజ్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే క్వాలిటీ తగ్గకుండా వస్తుంది.