లేడీస్ పార్లర్‌లో మగవారి విభాగం చేర్చే ముందు జాగ్రత్తలు

ముందుగా మీ పాత కస్టమర్లనే అడగండి. థ్రెడింగ్‌కు వచ్చేవారు పెద్దగా పట్టించుకోకపోయినా, వ్యాక్సింగ్‌కు, ఫేషియల్‌కు, పెళ్లికూతురి అలంకరణకు వచ్చేవారు ఇక్కడ మగవాళ్లు ఉండరన్న నమ్మకంతోనే వస్తారు. వారు సాధారణంగా ఫిర్యాదు చేయరు, మరో పార్లర్‌కు వెళ్లిపోతారు.

అందుకే మధ్యలో కర్టెన్ కట్టడం సరిపోదు. పైకప్పు వరకు గోడ, వేరే ద్వారం, వేరే వాష్‌రూమ్, వేచి ఉండే చోటు విడిగా కుదరకపోతే ఆలోచన విరమించుకోవడమే మేలని నా అభిప్రాయం. మాటలు అవతలికి వినిపిస్తున్నాయేమో మనిషిని నిలబెట్టి పరీక్షించండి.

తరువాత లెక్క వేయండి. ఉదాహరణకు, అదనపు అద్దె 12,000, పనివాడి జీతం 18,000, కరెంటు, సామగ్రి 5,000 కలిపి నెలకు 35,000 రూపాయలు అనుకుందాం. ఒక్కొక్కరి బిల్లు సగటున 200 అయితే 175 మంది రావాలి. మంగళవారం చాలామంది క్షవరం చేయించుకోరు కనుక 26 రోజులే లెక్కించినా రోజుకు ఏడుగురు చాలు. అయితే నెలకు 1,500 ఖర్చుపెట్టే మహిళలు పదిమంది మానేస్తే, ఆ 15,000 పూడ్చడానికి మరో 75 మంది, అంటే మొత్తం రోజుకు దాదాపు పదిమంది కావాలి. ఒక్క కుర్చీతో, అదీ ఆదివారం రద్దీ తప్ప మిగతా రోజుల్లో, అంతమంది వస్తారా అన్నది మీ వీధిలోని సెలూన్లను వారం పాటు గమనించి తేల్చుకోండి.

గడ్డం గీసే బ్లేడు ప్రతి మనిషికీ కొత్తది వాడాలి, ఎందుకంటే రక్తం అంటిన బ్లేడు ద్వారా హెపటైటిస్ బి సోకే ప్రమాదం ఉంది. అద్దె ఒప్పందం, ట్రేడ్ లైసెన్సు ఈ మార్పునకు అనుమతిస్తాయో లేదో ఇంటి యజమానిని, మున్సిపల్ కార్యాలయాన్ని అడగకుండా గోడ కట్టించకండి.