షట్‌డౌన్ వాయిదా వేసే ముందు: మూడు ట్రాన్స్‌మిటర్లు, ఒకే వాల్వ్

ఏటా జరిగే షట్‌డౌన్‌ను మరో ఏడాది వాయిదా వేద్దామన్నప్పుడు, రియాక్టర్ అధిక పీడన ట్రిప్‌కు మూడు ట్రాన్స్‌మిటర్లున్నాయి కదా, ఇబ్బందేమిటన్న మాట వినబడుతుంది. ఆ మాటకు తలూపే ముందు లెక్క వేసి చూడాలి.

మూడింటిలో రెండు ఒప్పుకుంటేనే ట్రిప్ జరిగే 2oo3 ఏర్పాటులో, ఒక ట్రాన్స్‌మిటర్ తప్పుగా ఎక్కువ చూపినా ప్లాంటు అనవసరంగా ఆగదు, ఒకటి మొరాయించినా అవసరానికి ట్రిప్ జరుగుతుంది. అయితే ప్రమాదకరమైన లోపం షట్‌డౌన్‌లో ప్రూఫ్ టెస్ట్ చేసేదాకా దాగి ఉండగలదు కాబట్టి, టెస్టుల మధ్య వ్యవధి (T) పెరిగేకొద్దీ అవసరమైన క్షణంలో విఫలమయ్యే సగటు సంభావ్యత PFDavg కూడా పెరుగుతుంది.

```
1oo1: PFDavg ≈ λDU × T / 2
2oo3: PFDavg ≈ ((1−β) × λDU × T)² + β × λDU × T / 2
```

ట్రాన్స్‌మిటర్ దాగిన లోపాల రేటు λDU గంటకు 0.000001, మూడింటినీ ఒకేసారి దెబ్బతీసే ఉమ్మడి కారణాల వాటా β 10 శాతం అనుకుందాం. ఏడాది వ్యవధికి (8,760 గంటలు) మూడింటి ఫలితం సుమారు 0.0005. ఇందులో 0.00044 ఉమ్మడి కారణాలదే. అందుకే β ఐదా పదా అని వాదించుకోవడం కన్నా, మూడు ట్రాన్స్‌మిటర్లకూ పీడనాన్ని అందించే ట్యాపింగ్‌లు వేర్వేరుగా ఉన్నాయో లేదో స్వయంగా వెళ్లి చూడడం మేలని నా అభిప్రాయం. ఒకే ట్యాపింగ్ పూడుకుపోతే మూడూ ఒకే తప్పు విలువ చూపుతాయి, తేడా అలారం మోగదు. ఎప్పుడూ సన్నగా వణికే ట్రెండ్ గీత నిశ్చలంగా మారడమొక్కటే ఆనవాలు.

అసలు చిక్కు వాల్వ్ దగ్గర ఉంది. ఒకే షట్‌డౌన్ వాల్వ్ ఉండి, అంటే 1oo1 ఏర్పాటై, దాని రేటు గంటకు 0.000002 అయితే, ఏడాదికి 0.0088 వస్తుంది. ట్రాన్స్‌మిటర్లతో కలిపి 0.0093, కంట్రోలర్ వాటా స్వల్పమే. సిల్ 2 అనే భద్రతా స్థాయికి పరిమితి 0.01 కనుక అంచు మీద నిలుస్తుంది. వ్యవధిని రెండేళ్లు చేస్తే వాల్వ్ ఒక్కటే 0.0175కు చేరి, మొత్తం సిల్ 1కు పడిపోతుంది. ట్రాన్స్‌మిటర్లు ఎన్ని పెంచినా ఈ సంఖ్య తగ్గదు.

వాయిదా తప్పదంటే, వాల్వ్‌ను కొద్దిగా కదిపి చూసే పాక్షిక స్ట్రోక్ టెస్టును మూడు నెలలకోసారి జరపాలి. అది 60 శాతం లోపాలను పట్టగలిగితే, రెండేళ్ల వ్యవధిలో వాల్వ్ వాటా 0.0083కు, మొత్తం 0.0094కు వస్తుంది. సీటు కారుతోందా, వాల్వ్ పూర్తిగా మూసుకుంటుందా అన్నది మాత్రం ఈ టెస్టులో తెలియదు.

ట్రాన్స్‌మిటర్లను పరీక్షించేటప్పుడు ఒకదాన్ని బైపాస్ చేస్తే మిగిలిన రెండూ ఒప్పుకుంటేనే ట్రిప్ జరిగేలా లాజిక్ మారుతుందా, ఒక్కటి చాలేలా మారుతుందా అన్నది ముందే నిర్ధారించుకోవాలి. మొదటిదైతే బైపాస్‌కు గడువు రాసి ఉంచాలి. ఒకే వ్యక్తి ఒకే ప్రామాణిక గేజ్‌తో ఒకే రోజున మూడింటినీ క్యాలిబ్రేట్ చేస్తే ఒకే పొరపాటు మూడింటిలోనూ చేరవచ్చు కాబట్టి రోజులను విడదీయాలి. పని ముగిశాక రూట్ వాల్వ్ తెరిచినట్లు మరొకరు కళ్లతో చూసి సంతకం చేసిన తరువాతే తదుపరి ట్రాన్స్‌మిటర్‌ను ముట్టుకోవాలి.